పదో తరగతి ఉత్తీర్ణత: ఐదు పరీక్షల తీరు, కంట్రోల్ చార్టుతో

యాజమాన్య కమిటీ సమావేశానికి గణిత విభాగం నివేదిక
విశాఖపట్నం, జులై 2025

హెచ్‌ఎం గారికి, కమిటీ సభ్యులకు నమస్కారం.

పోయిన సమావేశం అరగంట పాటు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. "నిరుడు 88 శాతం వచ్చింది. ఈ ఏడు 83కి పడిపోయింది. ఆ ఐదు శాతం ఎక్కడ పోయింది?" మాస్టార్లం తలా ఒక కారణం చెప్పాం. కొత్త పాఠ్యపుస్తకాలన్నారు, ఫోన్లన్నారు, స్టడీ అవర్‌కి పిల్లలు సరిగా రావట్లేదన్నారు. బి సెక్షన్ చూసే మాస్టారికి మెమో ఇవ్వాలని కూడా ఒకరన్నారు. అప్పుడు రోలింగ్ మిల్లులో క్వాలిటీ విభాగంలో పనిచేసే ఒక తండ్రి లేచి, "మా దగ్గరైతే ముందు చార్టు చూస్తామండీ. గీత దాటిందో లేదో చూశాకే కారణం వెతుకుతాం" అన్నారు. ఆయన మాట పట్టుకునే ఈ నివేదిక తయారుచేశాను.

ముందు ఆ ఐదు శాతాన్ని పిల్లల లెక్కలోకి మారుద్దాం. ఈ మార్చిలో పరీక్ష రాసింది 88 మంది. నిరుటి శాతం నిలవాలంటే 77 మంది పాసవ్వాలి. పాసయింది 73 మంది. అంటే మనం అరగంట వాదించుకున్నది నలుగురు పిల్లల తేడా గురించి. ఆ నలుగురూ వాళ్ల ఇళ్లకు ముఖ్యమే, కాదనను. కానీ బడి దిగజారిందని చెప్పడానికి నలుగురి తేడా చాలుతుందా?

ఏ ఐదేళ్లు

2019, 2022, 2023, 2024, 2025. మధ్యలో 2020, 2021 లేవు. కోవిడ్ వల్ల ఆ రెండేళ్లు పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. మన ఆఫీసు రిజిస్టరులో ఆ రెండు గడుల్లోనూ 100 శాతం అని రాసి ఉంది. మొదటిసారి గ్రాఫు గీసినప్పుడు నేనూ చూసుకోకుండా వాటిని కలిపేశాను. 2022 ఏదో లోయలో పడ్డట్టు కనిపించింది. పరీక్షే జరగని ఏడాదికి ఉత్తీర్ణత శాతం ఉండదు కాబట్టి రెండూ తీసేశాను.

లెక్కలో ఉన్నవి రెగ్యులర్ పరీక్షలే. సప్లిమెంటరీలో పాసైన వాళ్లను కలపలేదు.

| ఏడాది | రాసినవారు | పాసైనవారు | శాతం | దిగువ హద్దు | ఎగువ హద్దు |
|---|---|---|---|---|---|
| 2019 | 84 | 79 | 94.0 | 66.2 | 92.6 |
| 2022 | 96 | 58 | 60.4 | 67.0 | 91.8 |
| 2023 | 102 | 76 | 74.5 | 67.4 | 91.4 |
| 2024 | 91 | 80 | 87.9 | 66.7 | 92.1 |
| 2025 | 88 | 73 | 83.0 | 66.5 | 92.3 |
| మొత్తం | 461 | 366 | 79.4 | | |

హద్దులు ఎలా వచ్చాయి

1924లో అమెరికాలో టెలిఫోన్ పరికరాలు తయారుచేసే కంపెనీలో వాల్టర్ షూహార్ట్ అనే ఇంజనీరు మొదలుపెట్టిన కంట్రోల్ చార్టు పద్ధతి ఇది. ఏ పని తీసుకున్నా ఫలితం రోజూ ఒకేలా రాదు, కొంత ఊగుతుంది. ఆ మామూలు ఊగుడు ఎంతవరకు ఉండొచ్చో లెక్కగట్టి పైన ఒక గీత, కింద ఒక గీత గీస్తారు. ఒక్కో ఏటి శాతం చార్టులో ఒక చుక్క. ఆ చుక్క రెండు గీతల మధ్య ఉంటే ప్రత్యేక కారణం వెతకనక్కర్లేదు. గీత దాటితే మాత్రం వెతకాలి.

మధ్య రేఖ అంటే ఐదేళ్ల మొత్తం శాతం, 79.4. ఐదు శాతాలను కూడి ఐదుతో భాగించలేదు. అలా చేస్తే 84 మంది రాసిన ఏడాదికీ 102 మంది రాసిన ఏడాదికీ ఒకే బరువు పడుతుంది. మామూలు ఊగుడును కొలిచే అంకెను ప్రామాణిక విచలనం అంటారు. మధ్య రేఖకు దానికి మూడింతల దూరంలో పైన ఒక హద్దు, కింద ఒక హద్దు. పిల్లల సంఖ్య ఏటా మారుతుంది కాబట్టి హద్దులూ ఏటా కొద్దిగా మారతాయి. తక్కువమంది రాస్తే హద్దులు దూరం జరుగుతాయి, ఎక్కువమంది రాస్తే దగ్గరవుతాయి. ఇరవై మంది రాసే బడిలో ఒక్క పిల్లాడు తప్పితేనే ఐదు శాతం పోతుంది కదా.

ఆఫీసు కంప్యూటర్లో రాసినవారి సంఖ్య B వరుసలో, పాసైనవారి సంఖ్య C వరుసలో, రెండో అడ్డువరుస నుంచి ఆరో దాకా వేశాను. D, E, F, G గడుల్లో వరుసగా ఇవి:

```
=C2/B2
=SUM($C$2:$C$6)/SUM($B$2:$B$6)
=MIN(1,E2+3*SQRT(E2*(1-E2)/B2))
=MAX(0,E2-3*SQRT(E2*(1-E2)/B2))
```

చార్టు ఏం చెప్పింది

రెండు చుక్కలు గీత దాటాయి. 2019 పైకి దాటింది, 2022 కిందికి దాటింది. మనం కొట్టుకుంటున్న 2025 మధ్య రేఖకు పైనే ఉంది, హద్దులకు చాలా దూరంలో ఉంది. 2024 నుంచి 2025కి వచ్చిన దిగుడు మామూలు ఊగుడే. కాబట్టి మెమో ఆలోచన పక్కన పెట్టాలని నా మనవి. బి సెక్షన్‌లో 40 మందికి 9 మంది, ఎ సెక్షన్‌లో 48 మందికి 6 మంది తప్పారు. చూడ్డానికి పెద్ద తేడాలా ఉంది. ఇంత చిన్న సెక్షన్లలో ఈపాటి తేడా ఎవరి తప్పూ లేకుండానే వస్తుంది.

ఇక గీత దాటిన రెండేళ్ల సంగతి. 2019లో మేం పాఠాలు గొప్పగా చెప్పామా, 2022లో నిద్రపోయామా? రెండూ కాదనే అనుకుంటున్నాను. మన శాతాల పక్కనే రాష్ట్ర శాతాలను ఉంచి చూడండి.

| ఏడాది | మన బడి | రాష్ట్రం | తేడా | రాష్ట్ర శాతం మధ్య రేఖ అయితే హద్దులు |
|---|---|---|---|---|
| 2019 | 94.0 | 94.88 | −0.8 | 87.7 – 100 |
| 2022 | 60.4 | 67.26 | −6.8 | 52.9 – 81.6 |
| 2023 | 74.5 | 72.26 | +2.2 | 59.0 – 85.6 |
| 2024 | 87.9 | 86.69 | +1.2 | 76.0 – 97.4 |
| 2025 | 83.0 | 81.14 | +1.8 | 68.6 – 93.7 |

పై సూత్రాల్లో E గడిలో మన సగటుకు బదులు ఆ ఏటి రాష్ట్ర శాతాన్ని 94.88% లాగా శాతం గుర్తుతో సహా వేస్తే ఈ హద్దులు వస్తాయి. ఇప్పుడు ఒక్క చుక్కా గీత దాటలేదు. రాష్ట్రంలో కెరటం లేస్తే మన పడవా లేచింది, కెరటం దిగితే దిగింది.

కారణాలు మనకు తెలిసినవే. 2019లో పదకొండు పేపర్లు, పైగా ఇంటర్నల్ మార్కులు కలిసేవి. తర్వాత ఇంటర్నల్స్ తీసేశారు. 2022లో ఏడు పేపర్లయ్యాయి, 2023 నుంచి ఆరు. అన్నేళ్లూ పేరు ఒక్కటే అయినా పరీక్ష మాత్రం అదే పరీక్ష కాదు. 2022లో రాసిన పిల్లల సంగతి మరీ అన్యాయం. ఎనిమిది చివర్లో ఉండగా బడి మూతపడింది. తొమ్మిదో తరగతి ముక్కలుగా నడిచింది. పదిలోకి ఆగస్టులో అడుగుపెట్టారు. ఎనిమిదిలోగానీ తొమ్మిదిలోగానీ వార్షిక పరీక్ష రాయకుండా నేరుగా పబ్లిక్ పరీక్షకు కూర్చున్నారు. పెదగంట్యాడ వైపు నుంచి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఒకటే ఫోన్, అదీ నాన్నతో డ్యూటీకి వెళ్లిపోయేది.

అయినా ఆ ఏడు రాష్ట్రం కంటే దాదాపు ఏడు శాతం వెనకబడ్డాం. హద్దుల్లోనే ఉంది, నిజమే. కానీ ఐదింటిలో మన తేడా బాగా పెరిగింది ఆ ఒక్క ఏడాదే. హద్దుల్లో ఉంది కదా అని దాన్ని పూర్తిగా వదిలేయడం నాకు మనస్కరించడం లేదు.

ఇంకో మాట. 2023 నుంచి వరుసగా మూడేళ్లు రాష్ట్రం కంటే పైన ఉన్నాం. దీన్ని ఫ్లెక్సీ వేయించాలని ఒక సభ్యుడు ఇప్పటికే అడిగారు. నాణెం మూడుసార్లు ఎగరేస్తే మూడూ బొమ్మే పడటం ఎనిమిదింట ఒకసారి జరుగుతుంది. కంట్రోల్ చార్టు వాడేవాళ్లు ఎనిమిది చుక్కలు వరుసగా ఒకే పక్కన ఉంటేగానీ మార్పు వచ్చిందని ఒప్పుకోరు. ఫ్లెక్సీ ఖర్చు ప్రస్తుతానికి ఆపుకోవచ్చు.

ఈ చార్టుకు ఉన్న లోటు కూడా చెప్పాలి. ఒక్కో పిల్లాడి ఫలితం మిగతావాళ్లతో సంబంధం లేకుండా వస్తుందనుకుని ఈ హద్దులు కడతారు. మన క్లాసులో అలా ఉండదు. అందరికీ ఒకే మాస్టారు, అందరిదీ ఒకే ప్రశ్నపత్రం. లెక్కల పేపరు ఆ ఏడు కష్టంగా వస్తే అందరికీ ఒకేసారి దెబ్బ. కాబట్టి అసలు హద్దులు ఇంకాస్త వెడల్పుగా ఉండాలి. పైగా ఐదు చుక్కలు చాలా తక్కువ. ఇవి తాత్కాలిక హద్దులు, ఏటా కొత్త చుక్క పెట్టాక సరిచూసుకోవాలి.

అయితే చేయాల్సింది ఏమీ లేదా

ఉంది, కానీ 2025లో కాదు. 2019, 2022 పక్కన పెడితే మిగిలిన మూడేళ్ల సగటు 81.5. ఆ మూడేళ్లలో తప్పినవాళ్లు 52 మంది. వాళ్ల మార్కుల జాబితాలు తీసి చూశాను. 37 మంది లెక్కల్లో తప్పారు. ఒక్క సబ్జెక్టులోనే తప్పినవాళ్లు 24 మంది, అందులో 19 మందికి ఆ ఒక్కటీ లెక్కలే. నేను లెక్కల మాస్టార్నే కాబట్టి ఈ వాక్యం రాయడానికి కాస్త ఇబ్బందిగానే ఉంది. ఏటా అదే చోట అంతమంది జారుతున్నారంటే అది ఏ ఏడాది తప్పూ కాదు, మన పద్ధతిలోనే ఉంది. ఫలితాలొచ్చాక సంజాయిషీ అడిగితే ఆ సంఖ్య కదలదు.

ఎనిమిదో తరగతికి వచ్చేసరికి భిన్నాలు, రుణ సంఖ్యలు రానివాళ్లను జులైలోనే చిన్న పరీక్ష పెట్టి గుర్తించాలి. వాళ్లకు వారానికి మూడు పీరియడ్లు విడిగా కావాలి. ఇందుకు టైంటేబుల్లో చోటు హెచ్‌ఎం గారే చూపించాలి. పదో తరగతి జనవరిలో రాత్రి స్టడీ అవర్లు పెట్టి పిల్లలకు టెన్షన్ పెంచడం కంటే ఇది చవక. దీని ఫలితం చార్టులో కనిపించేది 2028 మార్చి పరీక్షలోనే, ముందే చెబుతున్నాను.

వచ్చే మార్చికి మన దగ్గర 94 మంది ఉన్నారు. 81.5 మధ్య రేఖగా వేస్తే హద్దులు 69.5, 93.5. అంటే 65 మంది లేదా అంతకంటే తక్కువ పాసైతే ఏదో జరిగిందని కూర్చుని వెతుకుదాం. 88 లేదా అంతకంటే ఎక్కువ పాసైతే కూడా వెతుకుదాం, ఏం బాగా చేశామో తెలియాలి కదా. 66కీ 87కీ మధ్య ఏ అంకె వచ్చినా దాని మీద ప్రత్యేక సమావేశం పెట్టనక్కర్లేదు. రాష్ట్ర శాతం మరీ కిందికో పైకో పోతే మాత్రం రెండో పట్టిక పద్ధతిలో చూసుకోవాలి. ఈ రెండు అంకెలనూ ఫలితాలు రాకముందే మినిట్స్ పుస్తకంలో రాయించమని కోరుతున్నాను. చార్టు కాపీ స్టాఫ్ రూములో బీరువా పక్కన అంటించాను.

ఇట్లు
గణిత ఉపాధ్యాయుడు