డాలస్‌లో ఉన్న మనవడికి జేజి ఉత్తరం

ఆళ్లగడ్డ పక్కన మన పల్లె,
మాఘ శుద్ధ దశమి

చిరంజీవి నరసింహకు మీ జేజి ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వు, అమ్మాయి, పాప క్షేమమని తలుస్తాను. ఫోనులో చెప్పకుండా ఉత్తరమెందుకు అంటావేమో. ఫోనులో సగం మాట చెప్పేసరికి నువ్వు “సరే జేజీ, సరే జేజీ” అంటావు. కాగితం మీద రాస్తే చివరి దాకా చదివి తీరాలి. మీ చిన్నాన్న దీన్ని ఫొటో తీసి నీ ఫోనుకు పంపుతానన్నాడు.

మొన్న అహోబిలం నరసింహస్వామి పల్లకి మన ఊరికి వచ్చింది. ఆ సంగతి చెప్పాలనే ఈ ఉత్తరం.

కనుమ నాడు దిగువ అహోబిలంలో పారువేట మొదలైన దగ్గర నుంచి మీ జేజినాయన రోజూ సాయంత్రం రచ్చబండ దగ్గరికి పోయి, పల్లకి ఈ రోజు ఏ ఊళ్లో ఉందో అడిగి వచ్చేవాడు. బాచేపల్లి దాటిందట, కోటకందుకూరులో ఉందట అని ఒకటే ఆరా. నలభై రోజుల పాటు ఊరూరా తిరిగే స్వామి మన ఊరు ఒక్కటీ వదిలేసి పోతాడా అంటే వినడు. ఆళ్లగడ్డ, రుద్రవరం, ఉయ్యాలవాడ, చాగలమర్రి మండలాల పల్లెలన్నీ ఇలాగే ఎదురుచూస్తాయి. ఇప్పుడు మనది నంద్యాల జిల్లా అయిందిలే, 2022 నుంచి. నా నోటికి మాత్రం కర్నూలు జిల్లా అనే వస్తుంది.

నీకు చిన్నప్పుడు చెప్పిందే అయినా మళ్లీ రాస్తున్నాను, పాపకు నువ్వు చెప్పాలి కదా. స్వామి మన నల్లమలలో చెంచుల ఇంటి ఆడపిల్ల చెంచులక్ష్మిని పెళ్లాడాడు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలకు కల్యాణం జరుగుతుంది. ఆ పెళ్లికి రమ్మని పిలవడానికి వేట నెపంతో తానే బయలుదేరుతాడు. ఎగువ నుంచి జ్వాలా నరసింహుడు, దిగువ నుంచి ప్రహ్లాదవరదుడు, ఇద్దరూ ఒకే పల్లకిలో వస్తారు. చెంచులు విల్లంబులతో వచ్చి మర్యాద చేస్తారు, అత్తవారి ఊరివాళ్లు కదా. పెద్ద దేవుడు ఎవరైనా భక్తులే కొండెక్కి రావాలంటాడు. మన స్వామి మాత్రం కొండ దిగి, పొలం గట్ల మీదుగా వచ్చి మన వీధిలో కూర్చుంటాడు. అహోబిల మఠం మొదటి జీయరుగారు, ఆదివన్ శఠగోప యతులవారు, ఈ ఆచారం పెట్టారని పెద్దలు చెబుతారు. అంటే ఆరు వందల ఏళ్ల నాటి మాట. మన అన్నమయ్య వేదాంతం చదువుకున్నది కూడా ఆయన దగ్గరే.

స్వామి వచ్చే రోజు ఊరు ఊరుగా లేదు. పెళ్లయి పోయిన ఆడపడుచులందరూ పిల్లలతో దిగారు. తెలుపు మీద పేడతో అలికి ముగ్గులు పెట్టాము. పల్లకిని దించే ఆ అరుగును తెలుపు అంటామని నీకు గుర్తుండే ఉంటుంది, చిన్నప్పుడు దాని మీదే గోలీలు ఆడి తిట్లు తిన్నావు. శనగ కోతలు నడుస్తున్నాయి. అయినా ఆ పూట చేనికి ఎవరూ పోలేదు.

పల్లకి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది. ముందు డప్పులు వినిపించాయి, తరువాత దివిటీల వెలుగు. బోయీల భుజాల మీద మడత పెట్టిన గుడ్డలు చెమటకు తడిసి నల్లబడ్డాయి. అందులో ఒక పెద్దాయనకు మీ నాన్న వయసు ఉంటుంది, దండె కింద భుజం కాయ కాసి ఉంది. తాతల నాటి నుంచి మోసే వంశమట. మంచినీళ్లు ఇస్తే, స్వామిని దించే దాకా తాగనన్నాడు. నాకు స్వామిని చూసిన ఆనందం ఒక ఎత్తు, ఆ మనిషిని చూసింది ఒక ఎత్తు.

బంతిపూలు, తులసి మాలల మధ్య స్వామి ముఖం ఇంతే కనబడింది. మోకాళ్లు సహకరించక నేను కింద కూర్చోలేదు, స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. అర్చకస్వామి దగ్గర మీ ముగ్గురి పేర్లు, నక్షత్రాలు చెప్పి అర్చన చేయించాను. “పిల్లలు ఎక్కడ ఉన్నారమ్మా?” అని అడిగారు. డాలస్ అన్నాను. “అంత దూరం పల్లకి పోలేదు కదా, పిలుపు మీరే అందుకోండి” అని శఠగోపం నా తల మీద రెండోసారి పెట్టారు. అది నీదీ, నా దగ్గర ఉంచుకున్నాను. అంటే స్వామి పెళ్లికి నీకు పిలుపు అందినట్లే. పిలిచిన పెళ్లికి పోకపోతే మన ఇళ్లలో ఎంత తప్పో నీకు తెలుసు.

రాలేవని తెలుసు. సెలవులు లేవు, టికెట్లు ఖరీదు, పైగా మీ కంపెనీలో మనుషులను తీసేస్తున్నారని మీ నాన్న చెప్పాడు. నువ్వు నాతో ఆ మాట అనలేదు. జేజికి చెబితే ఏం చేస్తుందిలే అనుకున్నావేమో. చేయగలిగింది చేస్తున్నాను, నువ్వూ నాతో కూడు.

కల్యాణం తిథి పత్రికలో రాగానే చిన్నాన్నతో చెప్పిస్తాను. ఆ రోజు మాకు రాత్రి ఎనిమిదైతే మీకు ఉదయం ఎనిమిదిన్నర అని చెప్పాడు. ఆ వేళకు మేము ఇంట్లో దీపం పెట్టుకుని కూర్చుంటాము. మీరూ కూర్చోండి. పొగ వస్తే గంట మోగుతుందని ఒకసారి చెప్పావు, కాబట్టి అగరబత్తులు వద్దు, చిన్న దీపం చాలు. పానకం చేయమని అమ్మాయితో చెప్పు. బెల్లం నీళ్లలో మిరియాల పొడి, శొంఠి, ఏలకులు, అంతే. పాపకు మిరియం తక్కువ వేసి ఇవ్వండి.

ఈ శ్లోకం పదకొండుసార్లు చదువు:

ఉగ్రం వీరం మహావిష్ణుం
జ్వలంతం సర్వతోముఖమ్ |
నృసింహం భీషణం భద్రం
మృత్యుమృత్యుం నమామ్యహమ్ ||

పాప కూడా వెనకాలే పలికితే మంచిది. తప్పులు పలికినా ఏమీ కాదు, ప్రహ్లాదుడూ పసివాడే.

ఉద్యోగం గురించి అడగవద్దు అని నేను చెప్పను. అడుగు, స్తంభం చీల్చుకుని వచ్చినవాడికి అది పెద్ద పనా? కానీ దాంతో పాటు ఇంకో రెండు అడుగు. వచ్చే ఏడు కేసీ కాలువకు నీళ్లు నిండుగా రావాలని ఒకటి. ఆ బోయీ పెద్దాయన భుజం బాగుండాలని ఒకటి. ఉద్యోగం ఉన్నా పోయినా రాత్రి నిద్ర పోవాలి నువ్వు. ఫోనులో నీ గొంతు వింటే నిద్ర లేనట్లే ఉంది.

మీ జేజినాయన నీకు ఏదో రాయమంటే, “దీపం పెట్టినప్పుడు వీడియో కాల్ చేయమను, ఇద్దరం చూస్తాము” అన్నాడు. ఆయనకు కావలసింది పాపను చూడడం, దీపం సాకు.

అమ్మాయికి, పాపకు నా ఆశీస్సులు.

ఇట్లు,
మీ జేజి

తా.క. నీ పేరున ఇచ్చిన తులసి ప్రసాదం ఎండబెట్టి పొట్లం కట్టాను. వచ్చే నెల మన ఊరి రెడ్డి కొడుకు అక్కడికి వస్తున్నాడట, అతని చేత పంపుతాను. పొట్లంతో పాటు ఒక కిలో నువ్వుల ఉండలు కూడా ఉంటాయి, అవి ప్రసాదం కాదు, నీకే.