నీ వ్యాసం గురించి

సౌమ్యకు,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. 20కి 9 చూసి బాధపడి ఉంటావు. పక్కన రెండు ముక్కలు రాసి వదిలేయడం మనసొప్పక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ప్రశ్న ఇంకోసారి చూడు: "1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటానికి పొట్టి శ్రీరాములు దీక్ష ఎంతవరకు కారణం?"

నువ్వు రాసింది దీక్ష కథ. 1952 అక్టోబరు 19న బులుసు సాంబమూర్తి ఇంట్లో మొదలవడం, డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణం పోవడం, అల్లర్లు, 19న నెహ్రూ ప్రకటన, మరుసటి ఏడాది అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం. ఒక్క తేదీ తప్పలేదు. రాయపేట హైరోడ్డులోని స్మారక భవనానికి వెళ్లి చూసి రాసిన పేరా చదువుతుంటే నాకూ ఒకసారి వెళ్లి రావాలనిపించింది. కానీ "ఎంతవరకు" అన్న మాటకు నాలుగు పేజీల్లో ఎక్కడా జవాబు లేదు. "ఆ తర్వాత" పదకొండు చోట్ల వచ్చింది, "అందువల్ల" ఒక్కచోటా రాలేదు. లెక్కపెట్టాను.

జవాబుకు కావలసిన సరుకు నీ దగ్గరే ఉంది. రెండో పేజీలో "1951లో స్వామి సీతారాం కూడా దీక్ష చేశారు" అని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయావు. అక్కడే ఆగాల్సింది! ఆయన 35 రోజులు తిండి మానేస్తే రాష్ట్రం రాలేదు. ఏడాది తర్వాత ఇంకొకరి దీక్షకు వచ్చింది. తేడా ఎక్కడుంది? శ్రీరాములు మరణంలోనా, ఆ మరణం రేపిన అల్లర్లలోనా? మధ్యలో 1952 ఎన్నికల్లో మద్రాసులో కాంగ్రెస్‌కు మెజారిటీ రాకపోవడం ఏమైనా మార్చిందా?

నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్యల జేవీపీ కమిటీ సంగతీ అంతే. మద్రాసు నగరాన్ని వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఇవ్వవచ్చని 1949లోనే ఆ నివేదిక చెప్పింది. చివరికి నెహ్రూ ప్రకటించింది కూడా మద్రాసు లేని రాష్ట్రాన్నే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, దీక్ష రాష్ట్రాన్ని తెచ్చిందా, ఆగిపోయిన పనిని కదిలించిందా అన్న ప్రశ్న వస్తుంది. నా అభిప్రాయం రెండో వైపు మొగ్గుతుంది. నువ్వు ఒప్పుకోనక్కర్లేదు, ఎందుకు కాదో చెప్తే చాలు.

శ్రీరాములు త్యాగాన్ని తక్కువ చేసినట్టు అవుతుందేమోనని భయపడ్డావేమో. కారణాలు తూచడం ఆయన్ని అగౌరవపరచడం కాదమ్మా.

మొత్తం మళ్లీ రాయొద్దు. ముందు నీ జవాబు ఒక్క వాక్యంలో రాసుకో. ఆ తర్వాత ప్రతి పేరా ఆ వాక్యానికి ఎలా పనికొస్తుందో చూడు. పనికిరానిది ఎంత బాగున్నా తీసెయ్. స్మారక భవనం పేరా తీయాల్సి వస్తే నాకూ కష్టంగానే ఉంటుంది.

సోమవారం క్లాసుకు ఆ ఒక్క వాక్యం పట్టుకురా. వ్యాసానికి ఇంకో వారం టైముంది, మార్కులు కొత్తగా వేస్తాను.

మీ చరిత్ర మాస్టారు,
చెన్నై