శ్రావణి, మంజునాథ్‌ల నిశ్చితార్థం: ఇరువైపుల బంధువులకు

పెద్దలకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

మా అమ్మాయి చి.ల.సౌ. శ్రావణికి బళ్ళారి సంబంధం కుదిరింది. అబ్బాయి చి. మంజునాథ్. ఇద్దరూ బెంగళూరులో ఒకే ఆఫీసులో పనిచేస్తున్నారు. ఇష్టపడ్డామని చెప్పారు, రెండిళ్ళ పెద్దలం కూర్చుని మాట్లాడుకున్నాం. మనసారా ఒప్పుకున్నాం.

శ్రీ విశ్వావసు నామ సంవత్సర ఫాల్గుణ శుద్ధ పంచమి, అంటే 2026 ఫిబ్రవరి 22 ఆదివారం ఉదయం 10 గంటల 20 నిమిషాలకు అనంతపురం రామ్‌నగర్‌లో మా ఇంట్లోనే తాంబూలాలు మార్చుకుంటాం. లగ్నపత్రిక కూడా ఆరోజే రాయిస్తాం. పెళ్ళి తేదీ అక్కడే అందరికీ తెలుస్తుంది.

భాష వేరు కదా, పిల్ల ఎట్లా కలుస్తుందో అని మనవాళ్ళు కొందరు అడిగారు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది, రాయదుర్గం, ఆలూరు, ఆదోని ఆంధ్రకు వచ్చాయి. అయినా ఆ ఊళ్ళ మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు ఏనాడూ ఆగలేదు. అబ్బాయి వాళ్ళ అవ్వ పుట్టిల్లు రాయదుర్గమే. మొన్న మా ఇంటికొచ్చినప్పుడు శ్రావణి ఇచ్చిన కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, "ఏం పిల్లా, మీ పక్క చెనిక్కాయ బాగా పండిందా?" అని అడిగింది. ఆ మాటతో మా టెన్షనంతా పోయింది.

ఉదయం 8 గంటలకు ఉగ్గాని, బజ్జీ. మధ్యాహ్నం ఓళిగలతో భోజనం. కానుకలు ఏమీ తేవద్దు, మీరు రావడమే మాకు కావాలి.

వియ్యాలవారికి రాసిన మాటలు మనవాళ్ళూ చదువుకోవాలని వాటినీ తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నాం. కన్నడ లిపిలో ఉన్నది వియ్యపురాలు వాళ్ళ గ్రూపులో పెడతారు.

బళ్ళారియ నమ్మ బీగరిగూ బంధుగళిగూ నమస్కార.

నమ్మ మగళు చి. సౌ. శ్రావణి మత్తు నిమ్మ మనెయ చి. మంజునాథ్ అవర నిశ్చితార్థవన్ను 2026 ఫెబ్రవరి 22, భానువార బెళిగ్గె 10 గంటె 20 నిమిషక్కె అనంతపురద రామనగరదల్లిరువ నమ్మ మనెయల్లి ఇట్టుకొండిద్దేవె. నీవెల్లరూ కుటుంబ సమేతరాగి బందు మక్కళిగె ఆశీర్వాద మాడబేకెందు కేళికొళ్ళుత్తేవె.

శనివారవే బరువవరిగె పక్కద మనెయల్లి ఉళిదుకొళ్ళలు వ్యవస్థె మాడిద్దేవె. భానువార ఉరవకొండ మేలె బరువవరు ఎంటు గంటెయొళగె తలుపిదరె ఎల్లరూ ఒట్టిగె తిండి తిన్నోణ. కార్యక్రమ నెలమహడియల్లే ఇదె, అజ్జియవరు మెట్టిలు హత్తబేకాగిల్ల.

ఇరువైపులవారూ ఎంతమంది వస్తున్నారో, శనివారం రాత్రి ఉండేవాళ్ళెవరో 18వ తేదీ బుధవారంలోగా ఈ గ్రూపులోనే చెప్పండి. వంటమనిషికి లెక్క ఇవ్వాలి. ఫోన్ చూడని పెద్దవాళ్ళకు దగ్గర్లో ఉన్నవాళ్ళు ఇది చదివి వినిపించండి. వాళ్ళ ఇళ్ళకు మేమే వచ్చి బొట్టు పెట్టి పిలుస్తాం.

ఇట్లు,
లక్ష్మీదేవి, రామాంజనేయులు
అనంతపురం