పట్టాలు లేని వీధి

ఆటో సత్యనారాయణపురంలో ఆగింది. నలభై ఏళ్ల తర్వాత విజయవాడ. బీసెంట్ రోడ్డు నుంచి ఇక్కడిదాకా సుభద్ర టీచర్‌కి ఒక్క వీధీ ఆనవాలు దొరకలేదు. పెంకుటిళ్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. వాళ్లింటి వేపచెట్టు ఉన్నచోట ఏటీఎం.

"ఇక్కడ రైలు పట్టాలుండాలి కదా, నాయనా?"

"ఎప్పుడో తీసేశారమ్మా. ఈ బీఆర్‌టీఎస్ రోడ్డు ఆ పట్టాలున్న చోటే వేశారు."

ఆమె ఆ వెడల్పాటి రోడ్డును చూస్తూ నిలబడింది. గేటు పడగానే నాన్న తన చెయ్యి గట్టిగా పట్టుకునేవాడు. గూడ్సు పెట్టెలు లెక్కపెట్టించేవాడు. తప్పితే కోప్పడేవాడు కాదు, "ఇంకో బండి వస్తుందిలేమ్మా" అనేవాడు. ముప్పై మూడేళ్లు క్లాసులో తనూ అదే మాట అంది, తప్పు చేసిన ప్రతి పిల్లతోనూ.

కళ్లు తుడుచుకునేసరికి పక్కన స్కూలు బ్యాగుతో ఓ పిల్ల. "అమ్మమ్మా, దాటించమంటారా?"

సుభద్ర టీచర్ ఆ చిన్న చెయ్యి అందుకుంది.

"ఉండమ్మా. ముందు ఆ లారీలెన్నో లెక్కపెట్టు."

"ఒకటి... రెండు... అయ్యో, తప్పిపోయింది!"

"పర్లేదు. ఇంకోటి వస్తుందిలే."