ప్రొజెక్టరు తెరపై అక్షరాలు పెద్దవిగా, అమరిక సులువుగా ఉంచాలని విజ్ఞప్తి

తెనాలి,
14 జులై 2025.

మన విద్యాసంస్థల ఐటీ కోఆర్డినేటర్ గారికి,

విషయం: తరగతి గదుల్లో పాఠాలు చూపించే సాఫ్ట్‌వేరులో అక్షరాల పరిమాణం పెంచడం, తెర మీది అనవసరమైన పట్టీలు తగ్గించడం గురించి.

నమస్కారమండీ.

ఈ విద్యాసంవత్సరం మా గదుల్లో ప్రొజెక్టర్లు బిగించి, పాఠాల సాఫ్ట్‌వేరు పెట్టించారు. బొమ్మలు నిజంగా బాగున్నాయి. అయస్కాంతం చుట్టూ బలరేఖలు నల్లబల్ల మీద గీసేసరికి పీరియడు సగం అయిపోయేది, ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. చిక్కల్లా వాక్యాలతోనే. చివరి రెండు వరుసల పిల్లలకు తెర మీది వాక్యం అందడం లేదు. అందుకని తెర మీద ఉన్నదాన్నే నేను మళ్ళీ సుద్దముక్కతో పక్కన రాస్తున్నాను. ప్రొజెక్టరు ఉన్న గదిలో సుద్ద ఖర్చు పెరగడం మీకు కూడా వింతగానే ఉంటుంది.

పిల్లలు అల్లరికి అంటున్నారేమోనని మొదట టేపు పట్టుకుని కొలిచాను. 8-బి గదిలో తెర వెడల్పు 1.6 మీటర్లు, ఎత్తు 1.2 మీటర్లు. చివరి బెంచీ తెరకు 8 మీటర్ల దూరంలో ఉంది. తెర మీద పాఠం అక్షరం ఎత్తు 14 మిల్లీమీటర్లు. ఇంగ్లీషు అక్షరమైతే దీనితో ఎలాగో నెట్టుకురావచ్చు. తెలుగులో ధ, థ రెండింటికీ తేడా లోపలి చుక్క ఒక్కటే. మామూలు చూపు ఉన్న కన్ను రెండు గుర్తులను విడివిడిగా పట్టుకోవాలంటే వాటి మధ్య కోణం సుమారు ఒక నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు ఉండాలి. 8 మీటర్ల దూరంలో అది దాదాపు 2.3 మిల్లీమీటర్లు అవుతుంది. మన ప్రొజెక్టరు అడ్డంగా వేయగలిగే వెలుగు చుక్కలు 1024, కాబట్టి ఒక్కో వెలుగు చుక్క 1.6 మిల్లీమీటర్ల లోపే. థ లోపలి చుక్కకు ఈ సాఫ్ట్‌వేరు ఇస్తున్నది ఆ ఒక్క వెలుగు చుక్కనే. అక్షరాన్ని రెట్టింపు చేస్తే 3 మిల్లీమీటర్లు దాటుతుంది. రెట్టింపు పరిమాణం కావాలని అడగడానికి కారణం ఈ లెక్కే. కళ్ళజోడు తెచ్చుకోని పిల్లలను ఇందులో కలపలేదు.

వత్తుల సంగతి ఇంకా ఇబ్బందిగా ఉంది. వరుసల మధ్య ఖాళీ ఇంగ్లీషు అక్షరాలకు సరిపడేంతే ఉండడంతో కింది భాగం తెగిపోతోంది. పెట్టెల్లో ఇచ్చిన నిర్వచనాల్లో ‘స్థితిశక్తి’ కాస్తా ‘సితిశకి’ అయింది, ‘ఉష్ణోగ్రత’ ‘ఉషోగత’ అయింది. చూసి రాసుకోమన్నాక పిల్లలు అలాగే రాసుకొస్తే నేను ఎర్ర సిరాతో ఎవరిని దిద్దాలి? కాబట్టి అక్షరం పెంచేటప్పుడు వరుసల మధ్య ఖాళీ కూడా పెంచాలి, లేకపోతే వత్తులు పెద్దవై ఇంకా తెగుతాయి. రసాయన సంకేతాల కింద వేసే చిన్న అంకెలకు కూడా ఇదే గతి. CO, CO₂ వెనుక నుంచి ఒకటిగానే కనిపిస్తున్నాయి. కోబాల్టు Co కూడా వాటిలో కలిసిపోతోంది.

ఇక అమరిక. మన పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, దాని ఎదురు పేజీ ఇంగ్లీషు. పుస్తకం చేతిలో ఉంటుంది కాబట్టి అక్కడ అది చక్కటి పద్ధతి. సాఫ్ట్‌వేరు దాన్నే తెర మీద పెట్టేసరికి ఒక్కో భాషకు సగం వెడల్పే మిగిలింది. అది చాలదన్నట్టు పైన కంపెనీ పేరున్న పట్టీ, ఎడమ పక్క అధ్యాయాల జాబితా, కింద నాకు ఎప్పుడూ అవసరం పడని బొత్తాల వరుస. కొలిచి చూస్తే పాఠానికి దక్కుతున్నది మొత్తం తెరలో సగం కూడా లేదు. నాకు కావలసినవి వెనక్కి, ముందుకు, పెన్ను, చెరుపు, పూర్తి తెర, ఇంతే. పెన్ను పక్కనే పాఠం మూసేసే బొత్తం ఉంది. వేలు కొంచెం జారితే అడగకుండానే పాఠం మూతపడి మొదటి పేజీ నుంచి మళ్ళీ వెతుక్కోవాలి. దాన్ని దయచేసి వేరే మూలకు మార్పించండి. భాష మార్చుకునే బొత్తం ఒకటి ఇచ్చి, ఒకసారికి ఒక భాషే తెర నిండా వచ్చేలా చేస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది.

తెర అడుగు భాగం ముందు బెంచీల తలల వెనక దాగిపోతుంది. అందుకని ముఖ్యమైన వాక్యమేదీ కింది వరుసల్లో ఉండకూడదు. లేత నీలం మీద బూడిద రంగు అక్షరాలు కంప్యూటర్ మీద ముచ్చటగా ఉంటాయేమో గాని, మధ్యాహ్నం పడమటి ఎండ పడే మా గదిలో అవి మాయమవుతాయి. ప్రొజెక్టరు నలుపును వేయలేదు, వెలుగు వేయకుండా వదిలేస్తుందంతే. గదిలో వెలుతురు ఉన్నంతసేపు ఆ నలుపు బూడిద రంగే. తెల్లటి నేల మీద నల్లటి అక్షరాలు ఉంటేనే నయం. కిటికీలు మూసుకోమని మాత్రం చెప్పవద్దు, ఉక్కపోతలో యాభైమంది పిల్లలతో అది జరిగే పని కాదు.

మీరు చెప్పిన చిట్కాలు ప్రయత్నించాను. `Ctrl` తో పాటు `+` నొక్కితే పాఠంతో పాటు పట్టీలు కూడా పెరిగి, వాక్యం తెర దాటిపోతోంది. విండోస్ భూతద్దం పెడితే మౌస్ కదిలినప్పుడల్లా తెరంతా పరుగెత్తుతోంది, పిల్లలకు కళ్ళు తిరుగుతున్నాయి. విండోస్‌లో Scale 150% చేయడానికి మాకు అనుమతి లేదు, అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోంది. అది మీ చేతిలోని పనే కాబట్టి ముందుగా అది చేసి చూడండి. పట్టీలు దాచడం, భాష బొత్తం, వరుసల ఖాళీ, రంగులు, మూసే ముందు అడగడం అనేవి కంపెనీవారు చేయాల్సినవి. ఈ ఉత్తరాన్ని యథాతథంగా వారికి పంపినా నాకు అభ్యంతరం లేదు.

తెలుగు మాస్టారు ఒక మాట చేర్చమన్నారు. అక్షరం పెంచినప్పుడు పద్యపాదం మధ్యలో విరిగి రెండో వరుసకు పోతే యతి ఎక్కడుందో పిల్లలకు చూపించలేరట. నాలుగు పాదాలూ నాలుగు వరుసల్లోనే ఉండాలి, చాలకపోతే తెరకు రెండు పాదాలే చూపినా చాలునన్నారు. నా పాఠాలకు ఈ పట్టింపు లేదు గాని ఆయన బాధలో న్యాయం ఉంది.

9వ తరగతిలో చూపు బాగా తక్కువ ఉన్న అబ్బాయి ఒకడున్నాడు. మొదటి బెంచీలోనే కూర్చోబెట్టినా తెర చదవలేకపోతున్నాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టం అలాంటి పిల్లలకు బడిలో తగిన సౌకర్యాలు కల్పించాలంటుంది. వాడికి రెట్టింపు కూడా చాలకపోవచ్చు. చూపిస్తున్న పేజీనే వాడి ముందు ఒక ట్యాబ్‌లో తెరిచే వీలుందేమో చూడండి.

అన్ని గదులకూ ఒకేసారి మార్చమని అనడం లేదు. మొదట 8-బిలో చేసి చూద్దాం. బుధవారం ఐదో పీరియడు నాది అక్కడే, ఎండ కూడా ఆ వేళకు తెర మీదికి వస్తుంది. వీలు చూసుకుని వచ్చి చివరి బెంచీలో కూర్చోండి, మీ కోసం చోటు ఖాళీ చేయిస్తాను. కంపెనీ ప్రతినిధిని కూడా వెంట తెస్తే మరీ మంచిది. ఆ రోజు కుదరకపోతే ఏ రోజు వస్తారో ముందుగా చెప్పండి, పీరియడు మార్చుకుంటాను.

ఇట్లు,
భవదీయురాలు,
భౌతిక రసాయన శాస్త్ర ఉపాధ్యాయిని,
8-బి తరగతి ఉపాధ్యాయిని.

నకలు: ప్రధానోపాధ్యాయులు గారికి.