విషయం: క్యూఏ ఎగ్జిక్యూటివ్ పోస్టు – నా దరఖాస్తు గోప్యంగా ఉంచమని మనవి

మేడమ్ గారికి నమస్కారం.

సోమవారం మధ్యాహ్నం మీరు ఫోన్ చేసినప్పుడు సరిగా మాట్లాడలేకపోయాను, ఏమీ అనుకోకండి. అప్పుడు ల్యాబ్‌లో యాంటీబయాటిక్ టెస్టుకి రొయ్యల శాంపిల్స్ తూకం వేస్తున్నాను. ఫోన్ బల్ల మీదే ఉంది. మీ నంబరు నా దగ్గర లేకపోయినా ట్రూకాలర్‌లో ‘రిక్రూట్‌మెంట్’ అని పెద్ద అక్షరాల్లో పడింది. పక్కనే మా ల్యాబ్ ఇన్‌ఛార్జి గారు ఉన్నారు. ‘లోన్ వాళ్ళండీ’ అని చెప్పి కట్ చేశాను. ఆయన నాకు పని నేర్పిన మనిషి. ఆయనతో అబద్ధం చెప్పానని ఆ రాత్రంతా మనసు బాగోలేదు. అందుకే మన మధ్య మాట ముందే స్పష్టంగా ఉంటే మంచిదని ఇది రాస్తున్నాను.

మీరు చెప్పిన కాకినాడ ఉద్యోగం మీద నాకు నిజంగా ఆసక్తి ఉంది. కానీ ఆఫర్ లెటర్ చేతికొచ్చే వరకూ నేను వెతుకుతున్న సంగతి మా ప్లాంటులో ఎవరికీ తెలియకూడదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల వ్యాపారం సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఈ ప్లాంటు వాళ్ళకి ఆ మేత కంపెనీ వాళ్ళు చుట్టాలు, ఆ హేచరీ వాళ్ళకి ఇంకో ప్లాంటులో వాటా. ఉండిలో అన్న మాట సాయంత్రానికి పాలకొల్లులో వినిపిస్తుంది. కాబట్టి నా సీవీ ఏ కంపెనీకి పంపాలన్నా దయచేసి ముందు ఆ కంపెనీ పేరు నాకు చెప్పండి. నేను సరే అన్నాకే పంపండి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మా యాజమాన్యానికి సంబంధం ఉన్న చోటైతే నేను వెంటనే వద్దంటాను, మీ సమయం కూడా వృథా కాదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, రెండేళ్ళ క్రితం మా గ్రేడింగ్ సెక్షన్‌లో ఒక అమ్మాయి ఇలాగే ప్రయత్నం చేసింది. ఆమె బయోడేటా ఎవరో ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ గ్రూపులో మా మేనేజరు గారు కూడా ఉన్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. వారం తిరిగేసరికి ఆమెకి నైట్ షిఫ్ట్ వేశారు, ఇంట్లో చంటిబిడ్డ ఉన్నా సరే. నెలలోపే మానేసింది. అవతలి ఉద్యోగమూ రాలేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచాక మా దగ్గర ఓవర్‌టైం కూడా తగ్గింది. ఇలాంటప్పుడు ‘వెళ్ళిపోయే మనిషి’ అన్న పేరు వస్తే ఏమవుతుందో తెలిసినదే. మా ఇంటికి నా జీతమే ఆధారం.

మొదట పంపే సీవీలో నా పేరు, ఇప్పటి కంపెనీ పేరు తీసేసి, ‘పశ్చిమ గోదావరి జిల్లాలో రొయ్యల ఎగుమతి ప్లాంటు, క్యూఏలో ఆరేళ్ళ అనుభవం’ అని పెడితే చాలు. అలాంటి కాపీ దీనికి జత చేశాను. వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచాక పూర్తి వివరాలు ఇస్తాను. యూఏఎన్ నంబరు, జీతం స్లిప్పులు మాత్రం ఆఫర్ దశలోనే.

రిఫరెన్సు కోసం ఇప్పటి ప్లాంటుకి ఫోన్ చేయవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. నా మొదటి ఉద్యోగంలో పైఅధికారిగా ఉన్న సార్ రిటైరయ్యి కాకినాడలోనే ఉంటున్నారు. ఆయన నా గురించి మాట్లాడతానన్నారు. ఇక్కడి వెరిఫికేషన్ నేను రాజీనామా ఇచ్చాక ఎంత కావాలన్నా చేసుకోవచ్చు.

పగలు ఫోన్ కంటే మెయిలే మేలు. మాట్లాడాలంటే రాత్రి ఏడున్నర తర్వాత చేయండి. గురువారం నాకు వీక్లీ ఆఫ్, ఇంటర్వ్యూ ఆ రోజు పెట్టిస్తే సెలవు అడిగే పని ఉండదు. పొద్దున్నే బయల్దేరి చించినాడ వంతెన దాటి అమలాపురం మీదుగా పదకొండుకల్లా కాకినాడలో ఉండగలను. వీడియో కాల్ అయినా సరే.

నావైపు నుంచి కూడా ఒక మాట. ఇప్పటి కంపెనీ బయ్యర్ల వివరాలు, ల్యాబ్ రిపోర్టులు, రేట్లు ఏ ఇంటర్వ్యూలోనూ చెప్పను, కాగితాలు చూపించను. హాసప్ రికార్డులు ఎలా రాస్తానో, లాట్ ఫెయిలైతే ఏం చేస్తానో ఎంతసేపైనా చెబుతాను. నోటీసు పీరియడ్ 60 రోజులు, అది పూర్తిగా చేసే వస్తాను. ఈ సంగతి కంపెనీ వాళ్ళకి ముందే చెప్పండి.

ఇవన్నీ మీకు కుదురుతాయో లేదో ఒక్క లైను మెయిల్ చేయండి. కుదరకపోతే నా సీవీ తీసేసి ఆ మాటే చెప్పండి, నేనేమీ అనుకోను. మీ జవాబు వచ్చే వరకూ దయచేసి ఎక్కడికీ పంపవద్దు.

ఇట్లు,
సత్యవతి
భీమవరం