సెక్రటరీ గారికి, నీళ్ల మెసేజ్ గురించి

నమస్కారమండీ సెక్రటరీ గారూ,

నిన్న ఉదయం నాన్నగారు ఆర్కే బీచ్‌లో వాకింగ్ ముగించుకుని ఇసుక కాళ్లతో ఇంటికొచ్చి కుళాయి తిప్పితే చుక్క నీరు లేదు. మీరు ముందురోజే మెసేజ్ పెట్టానన్నారు కదా. నిజమే, వచ్చింది. ఆయన పాత బటన్ల ఫోన్‌లో ఇలా ఉంది:

```
???? ???? 6 ????? 9 ???? ?????? ????.
```

మీరు రాసింది "రేపు ఉదయం 6 నుంచి 9 వరకు నీళ్లు రావు." అంకెలు, చివరి చుక్క బాగానే వచ్చాయి. నాన్నగారు మాత్రం "ఈయన నన్నే ఇన్ని ప్రశ్నలు అడుగుతున్నాడేంట్రా" అన్నారు.

తప్పు ఫోన్‌దే అనుకుని మొదట దాన్నే తిట్టుకున్నాను. అదే మెసేజ్ నా ఫోన్‌కి ఫార్వర్డ్ చేస్తే ఇక్కడా ప్రశ్నార్థకాలే. అంటే అక్షరాలు దారిలోనే పోయాయి. ఫ్లాట్లన్నిటికీ ఒకేసారి పంపే ఆ సైట్‌లో మామూలు టెక్స్ట్ అని ఉండిపోయి ఉంటుంది. దానికి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, ఇంకొన్ని గుర్తులే తెలుసు. తెలియని ప్రతి గుర్తు స్థానంలో ఒక '?' పెట్టేస్తుంది. 'నీళ్లు' మన కంటికి రెండక్షరాలే అయినా లోపల న, ఈకారం, ళ, పొల్లు, ల, ఉకారం కలిపి ఆరు గుర్తులు. అందుకే ఆరు ప్రశ్నార్థకాలు. వాటి నుంచి మళ్లీ తెలుగు రప్పించడం ఎవరివల్లా కాదు.

సంక్రాంతికి మీ సొంత ఫోన్ నుంచి పెట్టిన శుభాకాంక్షల కథ వేరు. అప్పుడు ఖాళీ డబ్బాలు వచ్చాయి. ఫార్వర్డ్ చేస్తే నా ఫోన్‌లో చక్కగా తెలుగు కనబడింది. మీరు పంపింది చెక్కుచెదరలేదు, నాన్నగారి ఫోన్‌లో తెలుగు ఫాంట్ లేదంతే. అందులో మీ తప్పేం లేదు.

కాబట్టి సైట్‌లో మెసేజ్ రాసే చోట Unicode అనే ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఎంచుకోండి. అప్పుడు ఒక ఎస్సెమ్మెస్‌లో 160 బదులు 70 గుర్తులే పడతాయి, అది దాటితే రెండో దానికీ డబ్బులు పడతాయి. మీరు ఖర్చుకి వెనకాడతారని తెలుసు, అందుకే లెక్కపెట్టాను. మొన్నటి మెసేజ్ ఖాళీలతో కలిపి 37. ఒక్కదాంట్లోనే సరిపోతుంది.

అలా మార్చినా నాన్నగారికి ఈసారి డబ్బాలే కనిపిస్తాయి. కొత్త ఫోన్ కొంటానంటే "ఇది మోగుతోందిగా" అంటారు. ఆయన ఒక్క నంబరుకీ ఇలా పెట్టండి చాలు:

```
Repu 6-9 neellu raavu
```

ఉంటానండీ,
302 ఫ్లాట్, సీతమ్మధార